తొలిసారి వాళ్ల ఇంటికి వెళ్లివచ్చాక ఏమని రాయాలి?

ప్రశ్న: నా వయసు 27. మాది హనుమకొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో. నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అబ్బాయిది అమలాపురం దగ్గర ఊరు. పోయిన శని, ఆదివారాలు మొదటిసారి వాళ్ల ఇంటికి వెళ్లాను. విషయం మా ఇంట్లో తెలుసు కానీ, పెద్దవాళ్లు ఇంకా మాట్లాడుకోలేదు. శనివారం నేను మాంసం తినను. ఆ మాట ముందు చెప్పడం మరిచిపోయాం. వాళ్ల అమ్మగారు నాటుకోడి వండి ఉంచారు. తెలిశాక అప్పటికప్పుడు మామిడికాయ పప్పు చేసి పెట్టారు. నాకు సిగ్గేసింది. నాన్నగారు కొబ్బరితోట చూపించి, 1996 తుపానులో పడిపోయిన చెట్ల గురించి చెప్పారు. మామ్మగారు తల్లో మల్లెపూలు పెట్టారు. వచ్చేటప్పుడు అమ్మగారు బొట్టు పెట్టి చీర ఇచ్చారు. ఒక స్టీలు డబ్బా నిండా ఆవకాయ, మా అమ్మానాన్నల కోసం పూతరేకులు కూడా ఇచ్చారు. సోమవారం నేను చేరిన సంగతి అతనే ఫోన్ చేసి చెప్పాడు. నేను మాత్రం ఈ మెసేజ్ రాసి, పంపలేక ఆగిపోయాను: ‘నమస్తే ఆంటీ, అంకుల్. మీ ఆతిథ్యానికి హృదయపూర్వక ధన్యవాదాలు. మీ ఇంట్లో గడిపిన రెండు రోజులు నా జీవితంలో మరపురానివి. శనివారం జరిగినదానికి నన్ను క్షమించండి, మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను. మీరు నన్ను సొంత కూతురిలా చూసుకున్నారు. త్వరలో మీరందరూ మా ఇంటికి తప్పక రావాలి.’ అయిదు రోజులైంది. ఇది పంపవచ్చా? ఇప్పటికే ఆలస్యమైపోయిందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ఆలస్యమేమీ కాలేదు. మన ఇళ్లలో చుట్టం వెళ్లిపోయాక పెద్దవాళ్లు ముందుగా ఎదురుచూసేది క్షేమంగా చేరారన్న కబురు కోసం. అది సోమవారమే వాళ్లకు అందింది కనుక ఆ బాధ్యత తీరింది. మిగిలింది మీ నోటి మాట. దానికి అయిదు రోజులు ఎక్కువ కాదు గాని, రెండు వారాలు దాటితే మాత్రం, ‘ఆ అమ్మాయికి మన ఇల్లు నచ్చలేదేమో’ అన్న అనుమానం ఆ ఇంట్లో మెల్లగా మొదలవుతుంది. అందుచేత ఈ జవాబు చదివిన రోజే పంపండి. ఆలస్యానికి కారణాలు మాత్రం రాయకండి. ఆఫీసు పనితో తీరిక దొరకలేదని మొదలుపెడితే, వాళ్లు గమనించని ఆలస్యాన్ని మీరే ఎత్తి చూపినట్టవుతుంది.

మీరు రాసుకున్న మెసేజ్‌లో మర్యాదకు లోటు లేదు. అయినా దాన్ని అలాగే పంపవద్దనే చెబుతాను. ఆ మాటలను ఎవరింటికి వెళ్లివచ్చినా, ఎవరికైనా పంపవచ్చు. అందులో మామిడికాయ పప్పు లేదు, కొబ్బరితోట లేదు, మామ్మగారు లేరు. నాకు రాసిన ఉత్తరంలో ఇవన్నీ ఎంతో చక్కగా చెప్పిన మీరు, వాళ్లకు రాసేసరికి సభలో వందన సమర్పణ చేసేవారి భాషలోకి వెళ్లిపోయారు. భయం వేసినప్పుడు అందరమూ చేసే పనే ఇది. పెద్దవాళ్లకు రాస్తున్నామంటే పెద్ద మాటలు వాడాలనిపిస్తుంది. కాని ఆ తల్లిదండ్రులు తెలుసుకోవాలనుకునేది మీ మనసు ఎంత పొంగిందన్నది కాదు, తాము చేసినది మీ కంటికి ఆనిందా లేదా అన్నది. ఇది దృష్టిలో పెట్టుకుని మీ వాక్యాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పిలుపు సంగతి. రెండు రోజులూ వాళ్లను ఆంటీ, అంకుల్ అనే పిలిచి ఉంటే, మెసేజ్‌లోనూ అవే ఉండనివ్వండి. ‘అత్తయ్యగారు, మావయ్యగారు’ అని రాయాలన్న ఆలోచన వచ్చినా ఆపుకోండి. పెద్దలు కూర్చుని మాట్లాడుకోకముందే ఆ వరుసలు మీ చేత్తో రాస్తే, ఒప్పుకోవడమో ఒప్పుకోకపోవడమో వాళ్లు వెంటనే తేల్చుకోవలసి వస్తుంది. వాళ్లే ‘అత్తయ్యా అని పిలువమ్మా’ అని అని ఉంటే అది వేరే మాట. అలాగే మీ మాట మీదిగానే ఉండాలి. గోదావరి జిల్లాల యాస తెచ్చిపెట్టుకుని ప్రతి వాక్యం చివర ‘అండి’ చేర్చనక్కరలేదు. మీరు హనుమకొండ అమ్మాయి అని వాళ్లకు తెలుసు, మీ మాటతీరు రెండు రోజులు విన్నారు కూడా. ‘మీరు’ అన్న మన్నన ఉంటే చాలు.

‘ఆతిథ్యానికి హృదయపూర్వక ధన్యవాదాలు’ అన్న వాక్యం తీసేయండి. ఇంటి పెద్దవాళ్ల ముందు కృతజ్ఞతను మరీ నిండుగా చెబితే దగ్గరితనం పెరగదు సరికదా, ‘మనలో మనకు థాంక్సులేమిటి’ అని వాళ్లే ఇబ్బందిపడతారు. చివర్లో ఒక్కసారి మామూలుగా థాంక్స్ అంటే సరిపోతుంది. ‘మరపురానివి’ అన్నది అబద్ధం కాకపోవచ్చు గాని, ఏది మరపురానిదో చెప్పకపోతే ఆ మాటకు బరువు ఉండదు. అక్కడ కొబ్బరితోట రావాలి. 1996 నవంబరులో వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. కొబ్బరిచెట్టు నాటిన ఏడాదికే కాపు ఇచ్చేది కాదు. పడిపోయిన తోటను తిరిగి నిలబెట్టుకోవడానికి ఆ రైతులకు ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ కథను ఆయన ఇంటికి వచ్చిన అమ్మాయికి చెట్ల మధ్య నడిపిస్తూ చెప్పారంటే, మీకు పెట్టినవాటిలో అదీ ఒకటి. మీరు విన్నారని ఆయనకు తెలియాలి. అందుకు ఒక్క వాక్యం చాలు. కాకపోతే, పంపేముందు ఆ వివరం సరిగా ఉందో లేదో అబ్బాయిని అడిగి చూసుకోండి. ఆయన నాటినవి ఏవో, వాళ్ల నాన్నగారి కాలం నాటివి ఏవో తారుమారు చేసి రాస్తే, విననట్టే తేలిపోతుంది.

ఇక మీరు ఎక్కువగా భయపడుతున్న శనివారం సంగతి. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. వాట్సాప్‌లో మీరు ఒకరికి పంపే సందేశాన్ని మన ఇళ్లలో ఒక్కరే చదవరు. ఆవిడ దాన్ని మామ్మగారికి చదివి వినిపిస్తారు, సాయంత్రం ఆయనకు చూపిస్తారు, మరునాడు చెల్లెలికో ఆడపడుచుకో పంపుతారు. మీ వాక్యం అలా పిన్నిగారి ఫోన్‌లోకి వెళ్లినప్పుడు, ‘శనివారం జరిగినదానికి నన్ను క్షమించండి, మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను’ అన్న మాటలు అక్కడ ఎలా వినిపిస్తాయో ఆలోచించండి. అక్కడ లేనివాళ్లు, ‘ఏం జరిగింది శనివారం?’ అని అడుగుతారు. కోడి తినని అమ్మాయికి కోడి వండారన్న మాట ఒకవైపు, ఇంట్లో అడుగుపెట్టిన రోజే పేచీ పెట్టిన అమ్మాయి అన్న మాట మరొకవైపు ప్రయాణం కడతాయి. రెండూ నిజం కావు. అక్కడ జరిగింది ఏమిటంటే, ఒక గృహిణి వంటంతా ముగించుకుని కూర్చున్నాక, తన శ్రమలో పెద్ద భాగాన్ని ఆ అతిథి ముట్టదని తెలిసి కూడా, ముఖం చిన్నబుచ్చుకోకుండా మళ్లీ పొయ్యి వెలిగించింది. ఆ రెండు రోజుల్లో మీకు దక్కిన పెద్ద మర్యాద ఇదే. మీరేమో దాన్నే క్షమాపణ కింద కప్పేశారు.

కాబట్టి క్షమాపణ పూర్తిగా మానేయనక్కరలేదు, దాన్ని సగం వాక్యానికి కుదించండి. ‘నేను ముందే చెప్పి ఉండాల్సింది’ అని తప్పు మీ మీద వేసుకుని, వెంటనే ఆవిడ చేసిన పనిలోకి వెళ్లండి. ‘ముందే చెప్పి ఉండాల్సిందని మీ అబ్బాయికి కూడా తోచలేదు’ లాంటి మాట పొరపాటున కూడా రానివ్వకండి. కొడుకు తప్పును అతిథి నోట వినడం ఏ తల్లికీ ఇష్టం ఉండదు. పప్పు బాగుందని చెప్పేటప్పుడు, ‘మా అమ్మ చేసినట్టే ఉంది’ అనకండి. మీకు అది మెప్పుగానే తోస్తుంది, కాని హనుమకొండ పప్పుతో పోల్చగానే ఆవిడ వంట రెండో స్థానంలోకి పోతుంది. ఇంకో చిన్న మాట: నాటుకోడి గురించి అసలు ఎత్తవద్దు. వండిన కోడి వృథా అయి ఉండదు, ఇంట్లోవాళ్లు తినే ఉంటారు. దాని ప్రస్తావన అక్కడితో ముగిసింది.

‘సొంత కూతురిలా చూసుకున్నారు’ అన్న వాక్యం తీసేయమంటే మీకు బాధ కలగవచ్చు, ఎందుకంటే అది మనసులోంచి వచ్చిన మాట అని నాకు తెలుస్తోంది. కాని ఆ మాట అనవలసింది వాళ్లు. ‘నువ్వు మా కూతురిలాంటిదానివి’ అని ఇంటివాళ్లు అంటే అది ఆదరణ. పెద్దల మాటలు ఇంకా మొదలు కాని రోజుల్లో అదే మాట మీవైపు నుంచి వస్తే, ఆ స్థానం తీసుకోవడానికి తొందరపడుతున్నట్టు ధ్వనిస్తుంది. అతనికి పెళ్లయిన అక్కచెల్లెళ్లు ఉంటే ఇంకో చిక్కు: వాళ్ల చేతికి కూడా ఈ మెసేజ్ వెళ్తుంది. అలాంటిదే ‘అబ్బాయిని ఎంతో బాగా పెంచారు’ అన్న పొగడ్త కూడా. అది పెద్దవాళ్లు సాటి పెద్దవాళ్లతో అనే మాట. అసలు ఈ మెసేజ్‌లో అతని ప్రస్తావన లేకుండా చూసుకుంటే మీకే సులువు. పేరు రాస్తే ‘అన్నాడు’ అనాలా ‘అన్నారు’ అనాలా అన్న చిక్కు వస్తుంది. ముద్దుపేరు రాస్తే అది మరీ ఇబ్బంది.

చివరి వాక్యం, ‘మీరందరూ మా ఇంటికి తప్పక రావాలి’ అన్నది వినడానికి నిరపాయంగా ఉంటుంది. మామూలు చుట్టరికంలో అది లేకపోతేనే తప్పు. మీ విషయంలో మాత్రం ఆ పిలుపు మీరు పిలవవలసింది కాదు. పెళ్లి మాట ముందున్నప్పుడు ఎవరు ఎవరి ఇంటికి ముందు రావాలన్నది రెండు ఇళ్ల పెద్దలకూ పట్టింపు ఉన్న విషయం. మీరు పిలిచారని వాళ్లు నిజంగానే ఒక ఆదివారం బయలుదేరతామంటే, మీ నాన్నగారికి అప్పటికి ఆ పిలుపు సంగతి తెలియకపోతే, ఆ చిన్నబోవడం రెండు వైపులా మిగిలిపోతుంది. ఆ పిలుపును మీ నాన్నగారికే వదిలేయండి. పూతరేకులు చేరాక ఆయన ఫోన్ చేసి నాలుగు మాటలు మాట్లాడితే, అక్కడి నుంచి దారి దానంతట అదే ఏర్పడుతుంది.

చీర గురించి కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఇంటికి వచ్చిన ఆడపిల్లకు బొట్టు పెట్టి చీరో జాకెట్టు ముక్కో ఇచ్చి పంపడం మన వాడుక. అది ఆప్యాయతే గాని, సంబంధం ఖాయమైందన్న సూచనగా దాన్ని చదువుకోకూడదు. మెసేజ్‌లో చీర రంగు నచ్చిందనో, అంచు నచ్చిందనో చెప్పండి. ‘పెళ్లి మాటలప్పుడు కట్టుకుంటాను’ లాంటి మాట వద్దు. ఏదో పండగ నాడు మామూలుగా కట్టుకుని ఒక ఫొటో పంపితే, ఆవిడకు మరోసారి సంతోషం కలుగుతుంది.

ఈ మార్పులన్నీ చేస్తే మెసేజ్ దాదాపు ఇలా తయారవుతుంది. వివరాలు మీరు చెప్పినవే. మాటలు మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి.

‘ఆంటీ, అంకుల్, నమస్తే. సోమవారం పొద్దున క్షేమంగా హైదరాబాద్ చేరాను. ఆంటీ, శనివారం సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. వంటంతా అయ్యాక తెలిసినా మీరు ఒక్క మాట అనకుండా, నాకోసం అప్పటికప్పుడు మామిడికాయ పప్పు చేసి పెట్టారు. ఆ పప్పుతో మామూలుకంటే ఎక్కువే తిన్నాను. అంకుల్, తోటంతా తిప్పి, తుపాను తర్వాత మళ్లీ చెట్లు పెంచుకొచ్చిన సంగతులు మీరు చెబుతుంటే అలాగే వింటూ ఉండాలనిపించింది. మామ్మగారు నా తల్లో పూలు పెట్టారని అమ్మకు ఫోన్‌లో చెప్పాను. మామ్మగారిని అడిగానని చెప్పండి. చీర రంగు నాకు చాలా నచ్చింది. ఆవకాయ రోజూ తింటున్నాను. పూతరేకులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఈ వారం ఊరు వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఇస్తాను. మీ అందరికీ థాంక్స్.’

ఇందులో మీరు చేయని పని ఒక్కటి ఉన్నా తీసేయండి. అమ్మకు మామ్మగారి గురించి చెప్పకపోతే, ముందు ఫోన్ చేసి చెప్పి తర్వాత రాయండి. పూతరేకులు ఇంకా హైదరాబాద్‌లోనే ఉంటే, ‘మా వాళ్లకు చాలా నచ్చాయి’ అని ముందే రాయడం పనికిరాదు. రేపు మీ అమ్మగారూ ఆవిడా ఫోన్‌లో మాట్లాడుకుంటే ఆ మాట బయటపడుతుంది. ఆ రేకులు కాగితంలా పలచగా ఉంటాయి, బ్యాగు అడుగున వేస్తే హనుమకొండ చేరేసరికి పొడి మిగులుతుంది. పెట్టెను పైన పెట్టుకుని తీసుకెళ్లండి.

నిడివి ఇంతకు మించనివ్వకండి. ఫోన్‌ను కొంచెం దూరంగా పట్టుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే వయసు వాళ్లది. అంతకంటే పొడవైతే ‘ఇంకా చదవండి’ అన్న చోట ఆగిపోతారు. తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగును మీ తోటివాళ్లు చకచకా చదువుతారు గాని, తెలుగు మాధ్యమంలో చదువుకున్న తరానికి అది కూడబలుక్కోవలసిన పని, పైకి చదివి వినిపించడం ఇంకా కష్టం. ఎవరి ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో, ఆవిడ ఏ లిపి హాయిగా చదువుతారో అబ్బాయిని అడిగి తెలుసుకోండి. నా మాటైతే ఆవిడ నంబరుకే పంపమంటాను, ఎందుకంటే ఆ రెండు రోజుల శ్రమ ఎక్కువగా ఆవిడది. ఇద్దరినీ పేరు పెట్టి పలకరించారు కనుక ఆయనకు వెలితి ఉండదు. ఒకవేళ మిమ్మల్ని వాళ్ల కుటుంబ గ్రూపులో చేర్చి ఉన్నా అక్కడ పెట్టకండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపితే, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు తీరిగ్గా చదువుకుంటారు. రాత్రి పొద్దుపోయాక మోగే ఫోన్ పల్లెల్లో ఇంకా కంగారే పుట్టిస్తుంది.

అబ్బాయి చేత మెసేజ్ రాయించుకోకండి. వివరాలు సరిచూడమనడం వరకే అతని పని. తల్లికి కొడుకు మాటతీరు ఎంత బాగా తెలుసంటే, అతను రాసిన వాక్యం మీ పేరుతో వెళ్లినా ఆవిడ పట్టేస్తుంది.

పంపాక ఏమవుతుందో కూడా చెబుతాను. వెంటనే పొడవైన జవాబు రాకపోవచ్చు. నీలి గీతలు పడి, ఒక రోజు తర్వాత చేతులు జోడించిన బొమ్మో, ఒక పూల గుత్తో వస్తే అదే వాళ్ల జవాబు. దాని వెనక అసంతృప్తి వెతకకండి. టైపు చేయడం అలవాటు లేని చాలామంది పెద్దలు జవాబుగా ఫోనే చేస్తారు. అలా ఆవిడ ఫోన్ చేస్తే మెసేజ్‌లో రాసినవే మళ్లీ చెప్పకుండా, ఆవిడ నడుము నొప్పో, తోటలో దింపో, మామ్మగారి ఆరోగ్యమో అడగండి, ఫోన్ మామ్మగారికి ఇవ్వమని కూడా అడగండి. చదవలేని ఆవిడకు మీ గొంతే అందాలి. నాలుగైదు రోజులైనా ఏ చప్పుడూ లేకపోతే రెండో మెసేజ్ పెట్టకండి. ఆవిడ చూశారా లేదా అని అబ్బాయిని మామూలుగా అడగండి. చాలాసార్లు ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోవడమో, మెసేజ్ మనవడి ఆటల మధ్య కిందికి వెళ్లిపోవడమో కారణమవుతుంది.

పూతరేకులు మీ ఇంట్లో ఇచ్చిన రోజున మాత్రం రెండే వాక్యాలు రాయండి, ఈసారి అంకుల్ నంబరుకు: అందజేశానని, ఎవరికి ఏది నచ్చిందని. మీ అమ్మగారు ఒక మాట చెప్పమంటే అదీ చేర్చండి. చివరగా ఆ స్టీలు డబ్బా. ఉప్పు, పులుపు ఉన్న పచ్చడిని స్టీలులో ఎక్కువ రోజులు ఉంచరు కనుక, ఆవకాయను ఇప్పుడే తడిలేని గాజుసీసాలోకి మార్చి, డబ్బాను నూనె వాసన పోయేలా కడిగి ఆరబెట్టండి. మూత మీదో అడుగునో వాళ్ల ఇంటి పేరు చెక్కి ఉందేమో చూడండి; అలా చెక్కించుకున్న గిన్నెలను మన ఆడవాళ్లు లెక్కతో చూసుకుంటారు. దాన్ని ఖాళీగా పంపకుండా, హనుమకొండ నుంచి మీ అమ్మగారి చేతి సకినాలు నింపి, అతను తర్వాత ఊరు వెళ్లేటప్పుడు ఇచ్చి పంపండి.